పాత ఖాతాదారుకు పంపాల్సింది నోటీసు కాదు, గుర్తు చేసే ఉత్తరం

ప్రశ్న: అయ్యా, తిరుపతి గాంధీ రోడ్డులో మాకు బెడ్‌షీట్లు, తువ్వాళ్ల హోల్‌సేల్ దుకాణం ఉంది. మేము నేయం, కుట్టం. బయటి నుంచి తెచ్చి లాడ్జిలకు వేస్తాం. రైల్వే స్టేషన్ దగ్గరి ఒక లాడ్జి యజమాని నాన్నగారి కాలం నుంచి, 18 ఏళ్లుగా మా ఖాతాదారు. ఆయనను నేను పెదనాన్నా అని పిలుస్తాను. బ్రహ్మోత్సవాల ముందు, సెప్టెంబరు 12న వేసిన 74,340 రూపాయల బిల్లు డబ్బు ఇంకా రాలేదు. గడువు నెల రోజులే. అక్టోబరు 20న వేసిన 18,900 రూపాయల బిల్లు మాత్రం నవంబరులో కట్టేశారు. మా గుమాస్తా డిమాండ్ నోటీసు టైపు చేసి సంతకానికి నా ముందు పెట్టారు. పంపితే ఆయన మనసు నొచ్చుకుంటుంది, పంపకపోతే డబ్బు నిలిచిపోతుంది. నోటీసు, ఆ బిల్లు, ఆయన ఖాతా నకళ్లు జతచేస్తున్నాను. దీన్ని ఎలా మార్చి రాయాలి?
— ఒక పాఠకుడు, తిరుపతి

సమాధానం: సంతకం పెట్టకండి. పెట్టకూడదనడానికి కారణం మీరు పంపిన ఖాతాలోనే ఉంది. చేతిలో డబ్బు ఆడనివాడు పాత బాకీని పక్కన పెట్టి కొత్త బాకీ తీర్చడు. పాతదానిలో కొంత జమ చేసి మిగతాదానికి గడువు అడుగుతాడు, లేదా ఫోను ఎత్తడం మానేస్తాడు, లేదా రెండు నెలల తరువాత హఠాత్తుగా సరుకు నాణ్యత బాగాలేదని అంటాడు. ఈయన ఇవేవీ చేయలేదు. కొత్త బిల్లును గడువులోపలే, రూపాయి తగ్గకుండా కట్టారు. కాబట్టి సెప్టెంబరు బిల్లు ఆయన లెక్కలు చూసేవారి బల్ల మీదికి చేరనే లేదని నా అనుమానం.

అలా జరగడానికి ఆస్కారం ఎంతైనా ఉంది. బ్రహ్మోత్సవాలకు పది పన్నెండు రోజుల ముందు తిరుపతి లాడ్జిల్లో ఎవరికీ ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. సరుకు వెనుక గుమ్మం దగ్గర దిగుతుంది. బట్టల గది చూసుకునే సూపర్‌వైజరు కట్టలు లెక్కపెట్టి చలానా మీద సంతకం చేస్తారు. బిల్లు చలానాకు పిన్ను చేసి పంపి ఉంటే అది ఆ గదిలోనే ఏ అలమరలోనో ఉండిపోతుంది. అక్టోబరు 20 నాటికి రద్దీ తగ్గింది కాబట్టి ఆ బిల్లు చేరవలసిన చోటికే చేరింది. మీ డెలివరీ అబ్బాయిని పిలిచి సెప్టెంబరు 12 చలానా మీద సంతకం ఎవరిదో, బిల్లు ఎవరి చేతికి ఇచ్చాడో అడగండి. ఉత్తరంలో ఏం రాయాలన్నది ఆ జవాబును బట్టి ఉంటుంది.

రాయడానికి ముందు మరొకటి సరిచూసుకోవాలి. మీరు పంపిన ఖాతా నకలులో సెప్టెంబరు 15 ఎదురుగా పెన్సిలుతో '12 తువ్వాళ్లు వాపసు' అని ఉంది. దానికి క్రెడిట్ నోటు వేసినట్లు ఎక్కడా కనిపించలేదు. బిల్లులో తువ్వాలు ధర పన్నుతో కలిపి 105 రూపాయలు, అంటే 12 తువ్వాళ్లకు 1,260. ఆ సరుకు నిజంగా మీ గోదాములోకి తిరిగి వచ్చి ఉంటే మీకు రావలసింది 74,340 కాదు, 73,080 రూపాయలు. నోటీసు పాత మొత్తంతోనే వెళ్లిందనుకోండి. అది చదివిన పెద్దాయనకు మొట్టమొదట గుర్తొచ్చేది తన బాకీ కాదు, మీరు వాపసు తీసుకుని లెక్కలో వేయని తువ్వాళ్లు. అక్కడి నుంచి మాట ఆయన మరపు మీది నుంచి మీ పొరపాటు మీదికి మళ్లుతుంది. బాకీ అడిగే కాగితంలో తప్పు అంకె ఉంటే దాన్ని ఏ మర్యాద మాటా కాపాడలేదు. క్రెడిట్ నోటు ముందు వేయండి, ఆ తరువాతే కలం పట్టండి.

ఇక గుమాస్తాగారు రాసిన నోటీసు. అందులో మూడు వాక్యాలు నన్ను ఆపాయి.

మొదటిది: 'పలుమార్లు గుర్తు చేసినప్పటికీ తాము ఉద్దేశపూర్వకంగా చెల్లింపు జాప్యం చేయుచున్నారు.' ఆయనను ఒక్కసారైనా అడిగినట్లు మీ ప్రశ్నలో ఎక్కడా లేదు. ఈ వాక్యం ఎక్కడో ఉన్న నమూనా నుంచి యథాతథంగా వచ్చి చేరింది. జరగనిదాన్ని జరిగినట్లు రాసి పంపితే ఆయన దగ్గరే కాదు, రేపు నిజంగా కోర్టు మెట్లెక్కవలసి వచ్చినా మీ మాట విలువ తగ్గుతుంది. 'ఉద్దేశపూర్వకంగా' అన్న ఒక్క మాటకు 18 ఏళ్ల రాకపోకలు తెగిపోతాయి.

రెండోది: 'ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ వసూలు చేయబడును.' 2006 నాటి చట్టంలో ఆ మాట ఉన్నది నిజమే. కానీ ఆ రక్షణ వస్తువులు తయారుచేసే, సేవలు అందించే సూక్ష్మ, చిన్న సంస్థలకు. కొని అమ్మే వ్యాపారులకు 2021 నుంచి ఉద్యం రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు గానీ, దాని ప్రయోజనాన్ని బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల వరకే పరిమితం చేశారు. మీరు నేయరు, కుట్టరు కాబట్టి ఆ వడ్డీ మీరు అడగగలిగేది కాదు. గడువు దాటితే ఏడాదికి 24 శాతం వడ్డీ అని బిల్లు కింద అచ్చు వేసిన మాటకొస్తే, 73,080 మీద అక్టోబరు 12 నుంచి డిసెంబరు 1 వరకు 50 రోజులకు అది సుమారు 2,400 రూపాయలు. ఈ ఖాతా ఏడాది పొడవునా మీకు ఎంత వ్యాపారం ఇస్తోందో పక్కన వేసి చూడండి.

మూడోది: 'ఏడు దినములలో చెల్లించనిచో సివిల్ మరియు క్రిమినల్ చర్యలు తీసుకొనబడును.' అరువు బిల్లు కట్టకపోవడం మామూలుగా సివిల్ వ్యవహారం. మోసం ఉద్దేశం ఏమీ లేనిచోట 'క్రిమినల్' అని రాయడం ఉత్త బెదిరింపు. పెదనాన్న అని పిలిచే మనిషికి అది మీ సంతకంతో వెళ్లకూడదు.

అలాగని నోటీసులో ఉన్నదంతా తీసిపారేయకండి. బిల్లు నంబరు, తేదీ, మొత్తం, గడువు తేదీ, డబ్బు ఎప్పటికి కావాలో చెప్పే తేదీ, ఈ అయిదూ అందులో ఉన్నాయి, ఉత్తరంలోనూ ఉండాలి. మర్యాద పేరుతో చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. 'మీ ఖాతాలో కొంత బాకీ ఉన్నట్లుంది, వీలు చూసుకుని సర్దగలరు' అని రాస్తారు. చదివిన పెద్దాయన 'సరేలే, చూద్దాం' అనుకుని కాగితం సొరుగులో పెడతారు. ఎంత కట్టాలో, ఏ బిల్లుకో, ఎప్పటిలోగానో అందులో లేదు, మరి ఆయన గుమాస్తాకు ఏమని చెప్పాలి? మళ్లీ మీకు ఫోను చేసి అడగాలి. మరచిపోయిన మనిషికి అది అదనపు పని. గుర్తు చేసే ఉత్తరం చదవగానే ఆయన దాన్ని తన గుమాస్తా చేతికిచ్చి 'ఇది కట్టేయండి' అనగలగాలి. దాన్ని దృష్టిలో పెట్టుకుని నేను ఇలా రాస్తాను:

> డిసెంబరు 1
>
> పెదనాన్నగారికి నమస్కారాలు.
>
> బ్రహ్మోత్సవాలు, ఆ వెంటనే దీపావళి సెలవులతో మీకు ఈ రెండు నెలలూ తీరిక ఉండి ఉండదు. నెలాఖరు లెక్కలు చూస్తుంటే సెప్టెంబరు 12న వేసిన సరుకు బిల్లు మా పుస్తకంలో ఇంకా అలాగే ఉంది. ఆ రోజు బిల్లు సరుకుతోపాటే బట్టల గదికి వెళ్లింది. మీ ఆఫీసుకు చేరిందో లేదో నాకు తెలియదు. అందుకే దాని నకలు, చలానా నకలు దీనితో పెడుతున్నాను.
>
> బిల్లు నంబరు 412, సెప్టెంబరు 12: 74,340 రూపాయలు
> 12 తువ్వాళ్లు వాపసు, క్రెడిట్ నోటు నంబరు 27: 1,260 రూపాయలు
> రావలసినది: 73,080 రూపాయలు
> గడువు: అక్టోబరు 12
>
> వాపసు తువ్వాళ్లకు క్రెడిట్ నోటు వేయడంలో మా వైపు ఆలస్యమైంది, మన్నించండి. అక్టోబరు 20 బిల్లు 18,900 రూపాయలు నవంబరులో అందాయి. ఆ ఖాతా సరిపోయింది.
>
> డిసెంబరు 10, బుధవారం లోపల ఈ మొత్తం మా బ్యాంకు ఖాతాకు పంపించే ఏర్పాటు చేయగలరు. ఖాతా వివరాలు బిల్లు కింద ఉన్నాయి. ఇప్పటికే పంపించి ఉంటే యూటీఆర్ నంబరు, తేదీ చెప్పించండి, మా పుస్తకంలో సరిచేసుకుంటాను. లెక్కలో ఏదైనా తేడా కనిపించినా నాకే నేరుగా చెప్పండి.
>
> నాన్నగారు మిమ్మల్ని అడిగినట్లు చెప్పమన్నారు.
>
> ఇట్లు,
> (మీ సంతకం, దుకాణం ముద్ర)

ఇందులో 'మీరు మరచిపోయారు' అన్న మాట ఎక్కడా లేదు. కావాలనే రాయలేదు. వయసులో పెద్దవారికి 'మరచిపోయారు' అని రాస్తే అది నిందలాగే వినిపిస్తుంది. పక్కన 'బహుశా' చేర్చినా అంతే. దాని బదులు బిల్లు ఏ దారిన వెళ్లిందో చెప్పాను. అది చదివి ఆయన తన మనుషులను అడుగుతారు, బిల్లు దొరుకుతుంది, ఎవరూ తలవంచుకోవలసిన అవసరం రాదు. ఒకవేళ మీ డెలివరీ అబ్బాయి బిల్లు ఆఫీసులోనే ఇచ్చానని చెబితే ఆ రెండు వాక్యాలు తీసేసి, 'రద్దీలో పక్కకు జరిగి ఉంటుందని నకలు పంపుతున్నాను' అని రాయండి. తెలియని విషయాన్ని తెలిసినట్లు రాయవద్దు.

కట్టిన బిల్లు ప్రస్తావన అవసరమా అని మీకు అనిపించవచ్చు. అవసరమే. అది లేకపోతే ఆయన గుమాస్తా 'నవంబరులో ఈ దుకాణానికి పంపించాం కదా' అని ఉత్తరాన్ని పక్కన పెట్టేస్తారు. ఏ డబ్బు ఏ బిల్లుకు పోయిందో రాస్తే ఆ అయోమయం తలెత్తదు. అడగవలసింది కాక, అందినదాన్ని కూడా చెప్పినందువల్ల ఉత్తరంలో వసూలు వాసన తగ్గుతుంది.

వడ్డీ గురించి ఒక్క మాటా రాయలేదు. 'వడ్డీ ఏమీ వద్దులెండి' అని కూడా రాయకండి. ఉదారంగా కనిపిస్తుంది గానీ, అడగని వడ్డీని మాఫీ చేశానని చెప్పడం అంటే మనసులో వడ్డీ లెక్క వేశానని చెప్పడమే. పైగా రాతపూర్వకంగా వదులుకున్నదాన్ని తరువాత అడగలేరు. కొత్త ఆర్డరు ప్రస్తావన కూడా ఇందులో వద్దు. 'సంక్రాంతికి కొత్త స్టాకు వచ్చింది' అన్న వాక్యం చేరిస్తే, పాత డబ్బు ఇస్తేనే కొత్త సరుకు అన్న అర్థం వస్తుంది. లేదంటే ఉత్తరం అసలు పనే మరుగున పడిపోతుంది.

తేదీని బుధవారం పెట్టడానికి కారణం మీకు చెప్పనక్కర్లేదు. మన ప్రాంతంలో పాతకాలపు వ్యాపారులు చాలామంది శుక్రవారం లక్ష్మిని గడప దాటించరు, కొందరు మంగళవారం కూడా ఇవ్వరు. శని, ఆదివారాల్లో తిరుపతి లాడ్జి యజమానికి గదుల సంగతి తప్ప మరొకటి తలకెక్కదు. గడువు శుక్రవారం పెడితే అది తనంతట తానే సోమవారానికి జారుతుంది. తొమ్మిది రోజుల వ్యవధి కూడా ఆలోచించి పెట్టినదే. బిల్లు వెతికించి, చలానాతో సరిచూసి, చెల్లింపు పంపడానికి అది చాలు. అంతకంటే ఎక్కువ ఇస్తే ఉత్తరం మళ్లీ మరుగున పడుతుంది.

ఇది ఎలా అందించాలి? ముందు ఫోను చేయకండి. ఫోనులో అడిగితే ఆయన అక్కడికక్కడే జవాబు చెప్పాలి. పక్కన యాత్రికులో, బంధువులో ఉంటే బాకీ మాట నలుగురిలో పడుతుంది. ఉత్తరం దుకాణం లెటర్‌హెడ్ మీద అచ్చు వేయించి, బిల్లు, చలానా, క్రెడిట్ నోటు నకళ్లతో కవరులో పెట్టి అంటించి, మీరే స్వయంగా వెళ్లి ఆయన చేతికి ఇవ్వండి. కౌంటరులో కుర్రవాడికి ఇచ్చి రాకండి. ఆయన అక్కడే విప్పి చదివి ఏదైనా అంటే వినండి, విప్పకపోతే మీరు విప్పమనవద్దు. 'సెప్టెంబరు బిల్లు కాగితాలు పెదనాన్నా, తీరికగా చూడండి' అంటే సరిపోతుంది. మీ దగ్గర ఒక నకలు తేదీతో ఉంచుకోండి.

డిసెంబరు 10 దాటినా కదలిక లేకపోతే మరునాడు ఆయనకు కాదు, ఆయన గుమాస్తాకు వాట్సాప్‌లో చిన్న సందేశం పంపండి: 'నమస్కారం అండీ. బిల్లు నంబరు 412, రావలసినది 73,080 రూపాయలు. కాగితాలు డిసెంబరు 1న పెద్దాయనకు ఇచ్చాను. మీ దగ్గరికి చేరాయా? ఇంకేమైనా నకలు కావాలంటే ఇప్పుడే పంపుతాను.' ఇందులోనూ డబ్బు ఎందుకు రాలేదని అడగడం లేదు, కాగితం ఎక్కడ ఆగిందో అడుగుతున్నాం. చాలాసార్లు ఇక్కడే ముడి విడిపోతుంది. దీనికీ జవాబు రాకపోతే అప్పుడు మీరు వెళ్లి కూర్చుని నేరుగా అడగాలి. ఇబ్బంది ఉందని ఆయన చెబితే విషయం మారిపోయినట్లే. అప్పుడు ఎంత ఎప్పుడు ఇస్తారో ఆయన చేతిరాతతో, సంతకంతో తీసుకోండి.

మెత్తగా రాస్తే హక్కు పోతుందన్న భయం గుమాస్తాగారికి ఉంటే ఆయనకు ఇది చూపించండి. ఫలానా తేదీకి కట్టాలని గడువు పెట్టి అమ్మిన సరుకు విషయంలో దావా వేయడానికి, గడువు ముగిసిన నాటి నుంచి మూడేళ్ల సమయం ఉంటుంది. మీ బిల్లుకు ఆ లెక్క అక్టోబరు 12 నుంచి మొదలవుతుంది. మీ ఉత్తరం ఎంత కటువుగా ఉన్నా ఆ మూడేళ్లు పెరగవు, ఎంత మెత్తగా ఉన్నా తగ్గవు. ఆ గడువును కొత్తగా మొదలుపెట్టేది మూడేళ్ల లోపల బాకీ ఉందని ఆయన రాసి చేసే సంతకం, లేదా ఆయన రాతతో ధ్రువపడే కొంత చెల్లింపు. అందుకే ఇబ్బంది అని చెప్పిన రోజున రాతపూర్వకంగా తీసుకోమన్నాను.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ ఉత్తరం వాడకండి. ఆయన ఈ బిల్లుకు చెక్కు ఇచ్చి అది బ్యాంకులో చెల్లక తిరిగి వస్తే సంగతి వేరు. చెక్కు తిరిగిందన్న సమాచారం బ్యాంకు నుంచి మీకు అందిన 30 రోజుల్లోగా చెక్కు మొత్తాన్ని అడుగుతూ రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు అందాక కట్టడానికి ఆయనకు 15 రోజులు ఉంటాయి. ఇప్పుడు రాసిన ఉత్తరాన్ని ఆ నోటీసుగా చూపలేరు. స్నేహం కొద్దీ ఆగి ఆ నెల రోజులు దాటిపోతే ఆ దారి మూసుకుపోయినట్లే. అప్పుడైనా ముందు ఒకసారి ఫోను చేసి చెప్పండి, కానీ వకీలు దగ్గరికి వెళ్లే రోజును మాత్రం వాయిదా వేయకండి.

డబ్బు వచ్చిన రోజునే రసీదు పంపండి. అందులో బిల్లు నంబరు 412, క్రెడిట్ నోటు నంబరు 27, అందిన మొత్తం 73,080, ఖాతాలో నిల్వ సున్నా అని రాయండి. ఆ రోజు నుంచి ఈ లాడ్జికి సరుకుతో చలానా మాత్రమే వెళ్లాలి. బిల్లు విడిగా, అదే సాయంత్రం ఆయన గుమాస్తా చేతికి అందాలి, మీ నకలు మీద ఆయన పొట్టి సంతకం ఉండాలి. వాపసు వచ్చిన సరుకును పెన్సిలుతో రాసే అలవాటు కూడా ఆపించండి. వాపసు వచ్చిన రోజునే క్రెడిట్ నోటు వేయమనండి.